ఎడమ నాడి ఎటు తిరిగింది?

ఖాళీగా వదిలేసిన పేజీకి సున్నా వేయడం తేలిక. దిద్దేవాళ్లను నిలబెట్టేసే జవాబు వేరే ఉంటుంది. గుండ్రటి దస్తూరీ, ధమనికి ఎరుపు, సిరకు నీలం, నాడికి పసుపు వాడి ఓపికగా వేసిన బొమ్మ, ఒక్క స్పెల్లింగు తప్పు లేకుండా రాసిన పేర్లు. వాటి మధ్య ఎక్కడో 'ఎడమ' అని ఉండాల్సిన చోట 'కుడి' అని ఉంటుంది. ఎంబీబీఎస్ మొదటి సంవత్సరం అనాటమీ పేపర్లు చాలా ఏళ్లుగా దిద్దుతున్నాను. ఇలాంటి జవాబు తెర మీదికి వచ్చినప్పుడల్లా కుర్చీలో కాస్త సర్దుకుని కూర్చుంటాను.

అనాటమీ జవాబుల్లో బాగా చదివే పిల్లలు చేసే తప్పులు చాలావరకు మూడు రకాలు. పక్క మారుతుంది, లేదా కండరానికి వేరే నాడి అంటగడతారు, లేదా చూపుకీ పేరుకీ కవలల్లా ఉండే రెండు భాగాలు ఒకదాని స్థానంలోకి ఒకటి వచ్చేస్తాయి. మూడింటిలోనూ రాసిన పదాలన్నీ అసలైనవే, పుస్తకంలో ఉన్నవే. అందుకే కన్ను జారిపోతుంది. మా చేతికిచ్చే కీలో ముఖ్యమైన పదాల జాబితా ఉంటుంది. ఆ పదం కనిపించగానే టిక్కు పెడుతూ పోతే, పదాలన్నీ ఉండి వాటి మధ్య సంబంధం తలకిందులైన జవాబుకు దాదాపు పూర్తి మార్కులు పడిపోతాయి. రేపు ఆ పిల్లే ఆపరేషన్ థియేటర్లో నిలబడుతుంది.

ఈ మూడు తప్పులూ ఒకేచోట చూపించమంటే నేను ఒక్క ప్రశ్నే ఎంచుకుంటాను. స్వరపేటిక కండరాలు, వాటి నర్వ్ సప్లై, వైద్యంలో వాటి ప్రాముఖ్యం రాయమని అడిగే పది మార్కుల ప్రశ్న. బెత్తెడు జాగాలో మూడు ఉచ్చులూ ఉంటాయి.

ముందుగా ఒక మాట. మన ఇళ్లలో 'నరం' అనే మాట చాలా పనులు చేస్తుంది. ఇంజెక్షను ఇచ్చేచోట కనిపించే సిర నరమే, మెడ పట్టేస్తే పట్టేసిందీ నరమే, మడమ వెనక తాడులా తగిలేదీ నరమే. డిసెక్షన్ హాల్లోకి కొత్తగా వచ్చిన పిల్లలకు కెడావర్ మెడలో అన్నీ నిజంగానే ఒకేలా కనిపిస్తాయి, మాసిన దారప్పోగుల్లాగా. అక్కడ రక్తం పారదు, రంగులు ఉండవు. కాబట్టి ఇక్కడ నరం అనే మాట పక్కన పెట్టి, కండరానికి ఆజ్ఞ మోసుకెళ్లేదాన్ని నాడి అని, గుండె నుంచి రక్తం తెచ్చేదాన్ని ధమని అని అంటాను.

మన గొంతుకు మాట ఇచ్చే నాడులు మెదడు నుంచి దిగే వేగస్ అనే పెద్ద నాడికి కొమ్మలు. అందులో ఒక కొమ్మ దారి విచిత్రం. స్వరపేటిక పక్క నుంచే కిందికి వెళ్లిపోయి, ఒక పెద్ద రక్తనాళాన్ని చుట్టుకుని, మళ్లీ పైకి ఎక్కి స్వరపేటికలోకి దూరుతుంది. వెనక్కి మళ్లుతుంది గనకే దానికి రికరెంట్ లారింజియల్ నర్వ్ అని పేరు. కుడిపక్క అది మెడ మొదట్లోనే, కుడి చేతికి రక్తం తీసుకెళ్లే సబ్‌క్లావియన్ ధమనిని చుట్టి వెనక్కి వస్తుంది. ఎడమపక్క ఛాతీలోకి దిగి, గుండె నుంచి వచ్చే మహాధమని వంపు కింద నుంచి తిరిగి వస్తుంది. అంటే ఎడమ నాడి దారి పొడుగు, కుడి నాడి దారి పొట్టి. రెండో శతాబ్దంలోనే గేలెన్ అనే గ్రీకు వైద్యుడు పందుల మెడలో ఈ నాడులను కట్టేస్తే అరుపు ఆగిపోతుందని అందరి ముందూ చూపించాడు.

రెండు పక్కలా ఒకేలా ఉండకుండా ఈ తేడా ఎందుకు? పిండంలో గొంతు దగ్గర ధమనులు మెట్లలాగా వరసగా, రెండు పక్కలా సమానంగా పుడతాయి. నాడి వాటిలో ఆరో మెట్టు కింద నుంచి వెళ్తుంది. గుండె ఛాతీలోకి దిగుతుంటే ధమనులూ దిగుతాయి, వాటితో పాటు నాడినీ లాక్కుపోతాయి. కుడిపక్క ఆరో ధమనిలో నాడిని పట్టి ఉంచే భాగం కరిగిపోతుంది, దాని పై మెట్టూ మిగలదు. దాంతో నాడి పైకి జారి నాలుగో ధమనికి తగులుకుని ఆగుతుంది. ఆ నాలుగోదే కుడి సబ్‌క్లావియన్ మొదటి భాగమవుతుంది. ఎడమపక్క ఆరో ధమని పుట్టేదాకా పనిచేస్తూనే ఉంటుంది. పుట్టాక మూసుకుపోయి, మహాధమని వంపుకు అంటుకున్న చిన్న తాడుగా మిగులుతుంది. ఆ తాడు పక్కనే ఎడమ నాడి మలుపు తిరుగుతుంది. ఈ కథ ఒక్కసారి అర్థమైన విద్యార్థికి ఏ పక్క ఏ ధమనో బట్టీ పట్టే పనుండదు. బట్టీ పట్టిన వాళ్లను పట్టుకోవడానికి నాకూ ఇదే కొలబద్ద.

ఇప్పుడు ఒక జవాబు చూద్దాం. ఇది ఏ ఒక్కరిదీ కాదు, ఏళ్లుగా చూసిన చాలా జవాబుల్లోంచి నేను కూర్చుకున్నది. అందులో వాక్యాలు ఇలా ఉంటాయి. "స్వరపేటిక లోపలి కండరాలన్నిటికీ రికరెంట్ లారింజియల్ నర్వ్ సప్లై ఇస్తుంది. కుడి రికరెంట్ మహాధమని వంపును, ఎడమది సబ్‌క్లావియన్ ధమనిని చుట్టి వస్తుంది. స్వరతంత్రులను తెరిచే కండరం లేటరల్ క్రైకోఎరిటినాయిడ్ ఒక్కటే. స్వరతంత్రులకు పై భాగంలో స్పర్శను ఎక్స్‌టర్నల్ లారింజియల్ నర్వ్ తీసుకెళ్తుంది. మైట్రల్ కవాటం ఇరుకై ఎడమ కర్ణిక ఉబ్బితే ఎడమ రికరెంట్ నాడి నొక్కుకుపోయి గొంతు బొంగురుపోతుంది." కింద ఒక బొమ్మ.

కీలో ఉన్న పదాలన్నీ ఇందులో ఉన్నాయి. రెండు నాడులు, రెండు ధమనులు, కండరాల పేర్లు, చివర క్లినికల్ పాయింటు. తొందరలో ఉన్న చెయ్యి ఐదు టిక్కులు పెడుతుంది.

నేను చివరి వాక్యం నుంచి మొదలుపెడతాను. గుండె జబ్బుకీ గొంతు బొంగురుకీ ఉన్న ఈ సంబంధాన్ని 1897లో ఆర్ట్‌నర్ అనే వైద్యుడు రాశాడు, ఆయన పేరుతోనే పిలుస్తారు. ఉబ్బిన గుండె వల్ల, పెద్దదైన పుపుస ధమనికీ మహాధమనికీ మధ్య ఎడమ నాడి ఇరుక్కుపోతుంది. విద్యార్థి రాసింది నిజమే. అయితే అదే విద్యార్థి మూడు వాక్యాల పైన ఎడమ నాడి సబ్‌క్లావియన్‌ను చుట్టి తిరిగిపోతుందని రాసింది. మెడ మొదట్లోనే మళ్లిపోయిన నాడిని ఛాతీలో ఉన్న గుండె ఎలా నొక్కుతుంది? రెండు వాక్యాలూ కలిసి బతకలేవు. అంటే చివరి పాయింటు పుస్తకంలోంచి ఎత్తి పెట్టింది, ఆ పిల్ల మనసులో నాడి దారి బొమ్మగా లేదు. పక్క మారడం ఒక వాక్యంలో మాత్రమే జరిగి బొమ్మ సరిగా ఉంటే అది చేతి తొందర, అరమార్కుతో పోతుంది. జవాబులో ఒక భాగం మరో భాగాన్ని కాదంటుంటే అది వేరే సంగతి, దారికిచ్చే మార్కులు ఇవ్వను. పక్కల విషయంలో కీ కంటే ఈ పద్ధతే నాకు నమ్మకం. జవాబును జవాబుతోనే గుద్దించి చూడాలి.

రెండోది నాడి. "కండరాలన్నిటికీ" అన్న ఆ ఒక్క మాట దగ్గర ఆగాలి. స్వరపేటిక కండరాల్లో ఒకటి ఈ లెక్కలోకి రాదు. దాని పేరు క్రైకోథైరాయిడ్, దానికి వేరే కొమ్మ వస్తుంది, ఎక్స్‌టర్నల్ లారింజియల్ నర్వ్. ఇది చదువుతున్నవాళ్లు వేలితోనే చూసుకోవచ్చు. గొంతు ముందు, మగవాళ్లలో బాగా పొడుచుకొచ్చే ఎముకలాంటి భాగం ఉంటుంది. దాని మీద నుంచి వేలు మెల్లగా కిందికి జార్చితే ఒక చిన్న పల్లం తగులుతుంది, దాని కింద మళ్లీ గట్టి ఉంగరం. వేలు ఆ పల్లంలో ఉంచి కింది శ్రుతిలో 'ఆ' అని, అక్కడి నుంచి తారస్థాయికి వెళ్లండి. పల్లం ఇరుకవుతుంది. ఆ ఇరుకు చేసేది క్రైకోథైరాయిడే. అది బిగిస్తే స్వరతంత్రులు వీణ తీగ లాగినట్టు సాగి శ్రుతి పెరుగుతుంది. ఇది స్వరపేటిక బయటి గోడ మీద ఉండే కండరం, బయటి నుంచే దాని నాడి వస్తుంది. మిగతావన్నీ లోపలికి ఉంటాయి, కింది నుంచి ఎక్కే రికరెంట్ నాడి వాటికి అందుతుంది. పిండంలో కూడా ఇది నాలుగో కమాను సంతానం, మిగతావి ఆరోదానివి.

ఇది పరీక్ష కోసం పెట్టుకున్న చిల్లర తేడా అనిపించవచ్చు. థైరాయిడ్ ఆపరేషన్‌లో గ్రంథి పై కొసన ఉండే ధమనిని ముడివేసేటప్పుడు ఈ సన్నటి ఎక్స్‌టర్నల్ నాడి పక్కనే ఉంటుంది. అది తెగితే మనిషి మామూలుగానే మాట్లాడతాడు, గొంతు బొంగురుపోదు, ఊపిరికి ఇబ్బంది ఉండదు. పై స్థాయి మాత్రం అందదు. పాడేవాళ్లకూ, రోజంతా గొంతెత్తి పాఠం చెప్పేవాళ్లకూ అదే పెద్ద దెబ్బ. ఒక పక్క రికరెంట్ నాడి తెగితే గొంతు బొంగురుపోతుంది. రెండు పక్కలా తెగితే ఊపిరే అందదు. మూడు దెబ్బలు, మూడు వేర్వేరు మనుషులు. 'అన్నిటికీ' అని రాసిన విద్యార్థికి వీళ్లలో మొదటి మనిషి కనిపించడు.

'అన్నిటికీ', 'అన్నీ', 'ఎప్పుడూ' అనే మాటలు అనాటమీ జవాబులో ఎక్కడ కనబడినా వేలు పెట్టి చూడాలన్నది నా అలవాటు. నాలుక కండరాలదీ ఇదే కథ. అన్నిటికీ హైపోగ్లోసల్ నాడే, పాలాటోగ్లాసస్ ఒక్కటి తప్ప. విద్యార్థులకు 'తప్ప' ఉందని గుర్తుంటుంది. ఏది తప్పో మరిచిపోయి, పక్క అధ్యాయంలోని మినహాయింపును తెచ్చి ఇక్కడ పెడతారు. కాబట్టి 'తప్ప' అనే మాట కనిపించగానే టిక్కు పెట్టేయకూడదు, దాని ముందున్న పేరు చదవాలి.

నాలుగో వాక్యం కూడా ఇలాంటిదే, కాస్త తేలికది. స్వరతంత్రులకు పైన ఉండే పొరకు స్పర్శ ఇచ్చేది ఇంటర్నల్ లారింజియల్ నర్వ్. ఎక్స్‌టర్నల్, ఇంటర్నల్ రెండూ ఒకే తల్లి కొమ్మకు పుట్టిన కవలలు. పేర్లే దారి చెబుతున్నాయి. ఒకటి గోడకున్న పొరను పొడుచుకుని లోపలికి వెళ్తుంది, రెండోది బయటే ఉండి బయటి కండరానికి వెళ్తుంది. లోపలి పొరకు మెతుకు తగిలితే పొలమారేది లోపలికి వెళ్లిన నాడి వల్లే.

ఇక అన్నిటికంటే ఎక్కువమందిని పడగొట్టే కవలలు, లేటరల్ క్రైకోఎరిటినాయిడ్, పోస్టీరియర్ క్రైకోఎరిటినాయిడ్. మొదటి మాట తప్ప పేరంతా ఒకటే. రెండూ ఒకే ఉంగరం నుంచి పుట్టి ఒకే చిన్న మృదులాస్థికి, దాని ఒకే కొసకు అంటుకుంటాయి. ఒకటి స్వరతంత్రులను మూస్తుంది, ఇంకొకటి తెరుస్తుంది. తెరిచేది పోస్టీరియర్, అంటే వెనకది. మనిషి ఊపిరి పీల్చేటప్పుడు తంత్రులను పక్కలకు లాగే కండరం అదొక్కటే. అది రెండు పక్కలా పనిచేయకపోతే గొంతు దారి మూసుకుపోతుంది. అందుకే దాన్ని స్వరపేటికకు రక్షక కండరమని చెబుతారు. లేటరల్ తెరుస్తుందని రాయడమంటే తాళం వేసేదాన్నీ తీసేదాన్నీ తారుమారు చేయడమే.

ఒకసారి ఇంటర్నల్ పరీక్ష కాగితాలు తిరిగి ఇచ్చినప్పుడు ఒకమ్మాయి వచ్చింది.

"మేడమ్, నేను చదువుకునే రాశాను. రెండూ వెనక్కే లాగుతాయి కదా, ఒకటి మూసి ఒకటి తెరవడమేంటి?"

"రెండూ వెనక్కి లాగవమ్మా. కూర్చో, చూపిస్తాను."

అట్టముక్కను ఇంగ్లిషు 'ఎల్' అక్షరంలా కత్తిరించి, మూల దగ్గర గుండుసూది గుచ్చి బల్ల మీద పెట్టాను. ఒక చెయ్యి ముందుకు, గోడ వైపు చూస్తోంది. దాని కొసకు స్వరతంత్రి కట్టి ఉందనుకోమన్నాను. ఇంకో చెయ్యి కుడివైపు, బయటికి చూస్తోంది. కండరాలు పట్టుకునేది ఈ బయటి చేతినే. "ఇది కుడిపక్కది. పైనుంచి చూస్తున్నాం. బయటి చేతిని వెనక్కి లాగు" అన్నాను. లాగింది. ముందు చెయ్యి బయటికి జరిగింది, తంత్రి తెరుచుకుంది. "అది వెనకుండే పోస్టీరియర్. లేటరల్ పుట్టేది ఉంగరం పక్కన, ముందుగా. అది ముందుకు లాగుతుంది. లాగి చూడు." బయటి చెయ్యి ముందుకు రాగానే ముందు చెయ్యి లోపలికి వాలింది, తంత్రి మూసుకుంది. ఆ పిల్ల రెండుసార్లు అటూ ఇటూ తిప్పి చూసింది, ఇంక ఏమీ అడగలేదు. అట్టముక్క తీసుకుపోయింది.

అప్పటి నుంచి పేపర్లో ఈ రెండు పేర్లు కనిపించినప్పుడు నేను పేరు పక్కనున్న పనినే కాదు, ఎటు లాగుతుందని రాశారో చూస్తాను. దిశ సరిగా రాసి పేరు మారిస్తే నాలుక తడబాటు. దిశ రాయకుండా పేరు, పని మాత్రం రాస్తే అది సగంమంది విషయంలో బొమ్మాబొరుసే.

బొమ్మ సంగతి మిగిలింది. ఈ విషయంలో నేను ఒకసారి పిల్లలకు అన్యాయం చేశాను. అనాటమీలో మనిషి మనకు ఎదురుగా నిలబడినట్టు బొమ్మ వేస్తారు. అతని కుడి మన ఎడమచేతి వైపు వస్తుంది. సీటీ స్కాన్ కూడా అంతే, కాళ్ల వైపు నుంచి చూస్తున్నట్టు ఉంటుంది, రోగి కుడి మన ఎడమకు వస్తుంది. కళ్లు ఆ లెక్కకు అలవాటు పడిపోతాయి. స్వరపేటికకు మాత్రం పుస్తకాల్లో ముందు నుంచి చూసిన బొమ్మ ఉంటుంది, వెనక నుంచి చూసిన బొమ్మ కూడా ఉంటుంది. ఎందుకంటే పోస్టీరియర్ కండరం, దానిలోకి వెళ్లే నాడి వెనక నుంచే కనిపిస్తాయి. వెనక నుంచి చూస్తే కుడి కుడివైపే ఉంటుంది. ఒక పరీక్షలో కొందరు వెనక బొమ్మ వేసి సరిగా కుడి, ఎడమ రాస్తే, నేను ముందు బొమ్మే అనుకుని పక్కలు మారాయని మార్కులు కోసేశాను. ఆ సాయంత్రం కట్ట మళ్లీ తిరగేస్తుంటే ఒక బొమ్మలో వెనక కండరం వెడల్పుగా, విసనకర్రలా పరిచి కనిపించింది. ముందు నుంచి చూస్తే అది కనబడే వీలే లేదు. కట్టంతా మళ్లీ మొదటి నుంచి చూసి మార్కులు సరిచేశాను. ఒకరిద్దరు ఇంటికి ఫోన్ చేసి ఫెయిలయ్యామని చెప్పేసుకున్నారని తర్వాత తెలిసింది.

ఇప్పుడు బొమ్మలో పక్కలు చూసే ముందు అది ఎటు నుంచి చూసిందో తేల్చుకుంటాను. ముందు గోడ, దాని మీది వి ఆకారపు నొక్కు కనిపిస్తే ముందు నుంచి. రెండు ఎరిటినాయిడ్ కొసలు, కింద ఉంగరం వెడల్పు పలక కనిపిస్తే వెనక నుంచి. విద్యార్థి చూపును పక్కన రాస్తే ఇంకా మంచిది. రాయనివాళ్లు చాలామంది, బొమ్మ ముందు నుంచి ఎత్తి పేర్లు వెనక బొమ్మలోంచి ఎత్తేవాళ్లూ ఉన్నారు. అక్కడ పక్కలు నిజంగానే మారతాయి. మహాధమని వంపును బొమ్మలో కలిపి వేసి ఉంటే అదే సాక్షి. ఆ వంపును చుట్టిన నాడికి ఏ పేరు రాశారో చూస్తే చాలు.

పుస్తకం నుంచి తప్పుకున్న ప్రతి జవాబూ తప్పు కాదని కూడా గుర్తుంచుకోవాలి. రికరెంట్ నాడి థైరాయిడ్ దగ్గర కింది థైరాయిడ్ ధమనిని దాటుతుంది. వెనక నుంచి దాటుతుందని ఒక విద్యార్థి, ముందు నుంచి అని ఇంకొకరు, కొమ్మల మధ్య నుంచి అని మరొకరు రాస్తారు. మనుషుల్లో ఈ మూడూ ఉంటాయి. కీలో ఒకటే ఉందని మిగతా ఇద్దరికీ కోయడం తప్పు. ఈ చోట సర్జన్లు నాడిని కంటితో చూసుకునే వరకూ ఏదీ ముడివేయరు, దాని స్థానం నమ్మదగ్గది కాదు కాబట్టే.

మొన్నటి కట్టలో ఒక జవాబు వచ్చింది. కుడి రికరెంట్ నాడి గురించి రాసి, దాని కింద చిన్న అక్షరాలతో, "కొద్దిమందిలో కుడి నాడి దేన్నీ చుట్టకుండా నేరుగా స్వరపేటికలోకి వెళ్తుంది" అని ఉంది. కీలో ఆ మాట లేదు. అంతవరకే రాసి ఉంటే ఎవరో చెప్పింది విన్నాడేమో అనుకునేదాన్ని. పక్కనే, కుడి సబ్‌క్లావియన్ ధమని మామూలు చోట కాకుండా మహాధమని వంపు చివర్లో పుట్టి అన్నవాహిక వెనక నుంచి వచ్చినప్పుడు అలా అవుతుందని రాశాడు. కుడిపక్క నాలుగో ధమని కూడా కరిగిపోయిన మనిషి అతను. నాడిని పట్టుకుని ఆపేది ఏదీ మిగల్లేదు, అందుకే కిందికి దిగలేదు. నూటికి ఒకరికంటే తక్కువమందిలో ఉండే సంగతి. అది ఎడమపక్క జరుగుతుందని రాసి ఉంటే మళ్లీ చదవాల్సి వచ్చేది. అక్కడ అలా జరగాలంటే మహాధమని వంపే కుడివైపుకు తిరిగి, గుండె చుట్టూ అమరికే మారిపోవాలి. ఇతను కుడి అనే రాశాడు. రెండోసారి చదివి, మార్కు వేసి, తర్వాతి కాగితం తెరిచాను.